బీపీఈడీ అయిపోయింది, మండలంలో ఒక ప్రైవేటు హైస్కూలుకు పీఈటీగా దరఖాస్తు పెడుతున్నా. ఉత్తరం ఒకసారి చూసి చెప్పండి

పల్నాటి కుర్రాడు

అందరికీ నమస్కారం. ఈ మధ్యనే బీపీఈడీ పూర్తయింది. నాలుగు సెమిస్టర్ల మార్కుల మెమోలు చేతికొచ్చాయి, ప్రొవిజనల్ ఇంకా రాలేదు. మా ఊరికి పక్క మండలంలో పదో తరగతి వరకు ఉన్న ప్రైవేటు స్కూలు ఉంది. దాదాపు 380 మంది పిల్లలు. అక్కడి పీఈటీ సార్ వేసవిలో మానేశారట. జూన్ 12న బడులు తెరుస్తారు కదా, ఈలోపే కరస్పాండెంట్ గారికి ఉత్తరం ఇద్దామని. మా మేనమామ కొడుకు అక్కడే చదివాడు, వాడితో వెళ్ళి గ్రౌండ్ కూడా చూసొచ్చాను. రాసింది కింద పెడుతున్నా, మొహమాటం లేకుండా చెప్పండి.

> గౌరవనీయులైన కరస్పాండెంట్ గారికి,
>
> అయ్యా,
>
> విషయం: వ్యాయామ ఉపాధ్యాయ ఉద్యోగం కోసం దరఖాస్తు.
>
> తమ పాఠశాల విద్యారంగంలో చేస్తున్న విశేష కృషి గురించి ఎంతో విన్నాను. నేను బీపీఈడీ ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. నేను ఖోఖోలో నేషనల్ ప్లేయర్‌ని. ఆరోగ్యమే మహాభాగ్యం అని నమ్మే నేను, విద్యార్థుల సర్వతోముఖాభివృద్ధికి నా వంతు కృషి చేస్తాను. అన్ని ఆటలూ నేర్పించగలను. అవకాశమిస్తే తమ పాఠశాల మైదానంలో 200 మీటర్ల ట్రాక్ వేసి, జాతీయస్థాయి క్రీడాకారులను తయారుచేస్తాను. క్రమశిక్షణ విషయంలో చాలా కఠినంగా ఉంటాను. తమరు నిర్ణయించిన జీతానికి పనిచేయగలను. కావున నా దరఖాస్తును పరిశీలించి అవకాశం కల్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.
>
> ఇట్లు, తమ విధేయుడు

హైటెక్ సిటీ బ్రదర్

తమ్ముడూ, ఈ రోజుల్లో ఉత్తరం ఎవరు చదువుతారు? ఒక పేజీ రెజ్యూమె చెయ్, ఇంగ్లిష్‌లో. పైన కెరీర్ ఆబ్జెక్టివ్, తర్వాత స్కిల్స్, తర్వాత హాబీస్. కావాలంటే మా ఆఫీసులో వాడే టెంప్లేట్ ఇస్తా. ఉత్తరంలో ఫోన్ నంబరే లేదు, ముందు అది పెట్టు. ‘విశేష కృషి’, ‘సర్వతోముఖాభివృద్ధి’ ముక్కలు తీసెయ్, అవి ఏ స్కూలుకు రాసినా సరిపోతాయి.

డీఎస్సీ ఆశావహుడు

బ్రో, డీఎస్సీకి ఉత్తరాలు అక్కర్లేదు. అంతా ఆన్‌లైన్. ఫీజు కట్టి అప్లికేషన్ సబ్మిట్ చేయడమే. నువ్వు టెట్ రాశావా? టెట్ లేకపోతే స్కూల్ అసిస్టెంట్ పీఈకి తీసుకుంటారో లేదో కనుక్కో. నేనైతే పోయినసారి మెగా డీఎస్సీ 16,347 పోస్టులు అన్నప్పటి నుంచి గ్రౌండ్ వదిలేసి పుస్తకాలు పట్టుకున్నా.

పాత పీడీ

డీఎస్సీ బాబూ, అతను అడిగింది ప్రైవేటు స్కూలు గురించి. వ్యాయామ పోస్టులకు టెట్ లేదు, ఆ భయం కూడా వదిలెయ్.

పల్నాటి కుర్రాడా, హైటెక్ సిటీ ఆయన చెప్పినవాటిలో ఫోన్ నంబర్ మాట, పెద్ద పెద్ద పదాలు తీసెయ్యమన్న మాట నిజం. ఆబ్జెక్టివ్, హాబీస్ మాత్రం వద్దు. పీఈటీ హాబీ క్రికెట్ చూడడం అని రాస్తే ఆ కరస్పాండెంట్ ఏం చేసుకుంటాడు? మండలం స్కూల్లో చేతికి ఇచ్చిన ఒక పేజీ ఉత్తరం ఇప్పటికీ చదువుతారు. నిలబెట్టి, నీ ముందే చదువుతారు. చదువుతూ ప్రశ్నలు వేస్తారు. అందుకే నువ్వు నిలబడి జవాబు చెప్పలేని వాక్యం అందులో ఒక్కటి కూడా ఉండకూడదు.

నీ ఉత్తరంలో అలాంటివి మూడున్నాయి. నేషనల్ ప్లేయర్, 200 మీటర్ల ట్రాక్, కఠిన క్రమశిక్షణ. ముందు ట్రాక్ సంగతి చూద్దాం. గ్రౌండ్ చూసొచ్చానన్నావు కదా, కొలిచావా?

పల్నాటి కుర్రాడు

అడుగులతో కొలిచాను సార్. పొడవు దాదాపు 62 మీటర్లు, వెడల్పు 38. మట్టి నేల, ఒక మూలన వేపచెట్టు. వాలీబాల్ పోల్స్ రెండున్నాయి, నెట్ లేదు. ఒక పొడుగు వైపు కాంపౌండ్ గోడ, రెండోవైపు క్లాసు రూములు.

పాత పీడీ

మంచిది, కొలిచినవాడివే నువ్వు. ఇప్పుడు కాగితం మీద వేసుకో. 200 మీటర్ల ట్రాక్‌కి రెండు స్ట్రెయిట్లు చెరి 50 మీటర్లు అనుకో. మిగతా 100 మీటర్లు రెండు కర్వులకు పోవాలి, అంటే రేడియస్ దాదాపు 16 మీటర్లు. దాని బయట 1.22 మీటర్ల చొప్పున నాలుగు లేన్లు వెయ్యి. ఒక చివర నుంచి ఇంకో చివరికి 91 మీటర్ల పొడవు, 41 మీటర్ల వెడల్పు కావాలి. నీ దగ్గరున్నది 62, 38. స్ట్రెయిట్ తగ్గిస్తే కర్వు పెద్దదై వెడల్పు చాలదు, పెంచితే పొడవు చాలదు. ఒక్క లేనే వేసి అంచులు పట్టి పరిగెత్తించినా చుట్టు కొలత 150, 160 మీటర్ల మధ్యే వస్తుంది. అప్పుడు మధ్యలో అసెంబ్లీకి తప్ప దేనికీ చోటుండదు.

ఆ స్కూలు కట్టించినాయనకు తన స్థలం ఎన్ని సెంట్లో సెంటుతో సహా తెలుసు. 62 ఇంటూ 38 అంటే 58 సెంట్లు. అందులో 200 మీటర్ల ట్రాక్ వేస్తానన్నవాణ్ణి చూసి, ‘ఈ అబ్బాయి గ్రౌండ్ చూడకుండానే రాశాడు’ అనుకుంటాడు. చూసొచ్చి కూడా ఆ మాట పడటం ఎందుకు?

దానికి బదులు ఏం పడుతుందో రాయి. కాంపౌండ్ గోడ పొడుగునా 7 మీటర్ల పట్టీ వదిలితే నాలుగు లేన్ల స్ట్రెయిట్ వస్తుంది. అక్కడ 50 మీటర్ల పరుగు పెట్టొచ్చు. 60 మాత్రం పెట్టకు, ఫినిష్ దాటాక పిల్లలు ఆగే చోటు లేక గోడకు కొట్టుకుంటారు. ఆ పట్టీ తీసేస్తే 31 మీటర్ల వెడల్పు మిగులుతుంది. ఖోఖో కోర్టు 27 ఇంటూ 16, చుట్టూ మీటరున్నర వదులు. వాలీబాల్ 18 ఇంటూ 9, చుట్టూ 3 మీటర్లు. ఈ రెండూ పొడుగు వారన పక్కపక్కన పెడితే 30, 24 కలిపి 54 మీటర్లు. సరిపోయింది. ఇంకా 12 మీటర్ల పట్టీ ఉంటుంది. దానిలో ఒక కబడ్డీ కోర్టు, 25 మీటర్ల రన్‌వేతో ఒక లాంగ్ జంప్ పిట్. వేపచెట్టు ఏ మూలనుందో చూసుకుని పిట్ రెండో మూలకు జరుపు. ఇదంతా ఉత్తరంలో అక్కర్లేదు, రెండు వాక్యాలు చాలు. వెనకాల ఒక పేజీలో చేత్తో గీసిన స్కెచ్ పెట్టు. అదే నీ రెజ్యూమె.

ఇక నేషనల్ సంగతి చెప్పు. ఏ నేషనల్స్?

పల్నాటి కుర్రాడు

గోవాలో ఆడాం సార్. ఒక స్పోర్ట్స్ ఫౌండేషన్ వాళ్ళు పెట్టారు. ట్రైన్ ఖర్చు, ఎంట్రీ ఫీజు మేమే కట్టుకున్నాం. సర్టిఫికెట్ మీద నేషనల్ చాంపియన్‌షిప్ అని ఉంది, గోల్డ్ మెడల్ కూడా ఇచ్చారు.

పాత పీడీ

ఎన్ని జట్లు వచ్చాయి?

పల్నాటి కుర్రాడు

మా ఏజ్ గ్రూపులో మూడు.

పాత పీడీ

ఇదే అనుకున్నాను. నీ తప్పేం లేదు, ఏటా వందల మంది పిల్లలు ఇలా డబ్బు కట్టి వెళ్తున్నారు. కానీ ఆ సర్టిఫికెట్ స్పోర్ట్స్ కోటాలో ఎక్కడా చెల్లదు. రాష్ట్రం తరఫున గుర్తింపు ఉన్న ఫెడరేషన్ నేషనల్స్ ఆడితే ఫారం 2 ఇస్తారు. యూనివర్సిటీ తరఫున ఇంటర్ యూనివర్సిటీ ఆడితే ఫారం 3, స్కూల్ గేమ్స్ నేషనల్స్ అయితే ఫారం 4. ఇలాంటి ఫారం లేని నేషనల్‌ని సెలక్షన్లకు పిల్లల్ని తీసుకెళ్ళే ఏ పీడీ అయినా రెండు ప్రశ్నల్లో పట్టేస్తాడు. పక్క స్కూలు పీఈటీ ఒక్క మాట ఊదితే చాలు, నీ కరస్పాండెంట్‌కి మిగతా ఉత్తరం మీద కూడా అనుమానం వస్తుంది.

యూనివర్సిటీ స్థాయిలో ఏమీ ఆడలేదా?

పల్నాటి కుర్రాడు

ఇంటర్ కాలేజియేట్ ఖోఖో ఆడాను సార్, మా కాలేజీ రన్నరప్. నేను చేజింగ్‌లో పోల్ డైవ్ బాగా వేస్తాను. యూనివర్సిటీ ప్రాబబుల్స్‌లో పేరొచ్చింది, ఫైనల్ టీమ్‌లో రాలేదు.

పాత పీడీ

అదే రాయి. ఇంటర్ కాలేజియేట్ రన్నరప్, పోల్ డైవ్ నేర్పగలను. ఇది ఆటగాడు రాసిన మాట. గోవా మెడల్ ఇంట్లో గోడకు తగిలించుకో.

బడి బాబాయి

నేను ఒక మండలంలో 18 ఏళ్ళుగా చిన్న స్కూలు నడుపుతున్నాను. పీడీ గారు చెప్పింది ఆయన వైపు నుంచి సరైనదే. మా వైపు నుంచి నేను చెప్తా, కోపం తెచ్చుకోవద్దు.

పీఈటీ ఉత్తరం చేతికొస్తే నేను ముందు చూసేది ఊరి పేరు. ఈ అబ్బాయి రోజూ ఎక్కడి నుంచి వస్తాడు, పొద్దున ఎనిమిదిన్నరకు గేటు దగ్గర ఉంటాడా లేడా? పల్లెకు బస్సు ఎప్పుడొస్తుందో మీకు తెలియంది కాదు. రెండోది, డీఎస్సీ నోటిఫికేషన్ పడితే నవంబర్‌లో మానేసి కోచింగ్‌కి పోతాడా? మా దగ్గర ఇలా మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు. జనవరి 26 పరేడ్ ముందు వెళ్ళిపోతే మార్చ్ పాస్ట్ ఎవరు చేయిస్తారు? మూడోది, పీఈటీ అంటే నాకు ఆటలొక్కటే కాదు. పొద్దున అసెంబ్లీ, సాయంత్రం బస్సులెక్కించడం, పంద్రాగస్టు, స్పోర్ట్స్ డే, ఎవరైనా మాస్టారు సెలవు పెడితే ఆ క్లాసు.

‘అన్ని ఆటలూ నేర్పగలను’ అంటే నాకు నమ్మకం పోతుంది. ‘తమరు నిర్ణయించిన జీతానికి’ అంటే నేను తక్కువే నిర్ణయిస్తాను, అది మీ ఇష్టం 😄

పాత పీడీ

బాబాయ్ గారూ, నిజాయితీగా చెప్పారు, సంతోషం. మా బాధ కూడా అదే. పీఈటీని పెట్టుకుంటారు, గ్రౌండ్ పీరియడ్ రాగానే లెక్కల మాస్టారు సిలబస్ కాలేదని పట్టుకెళ్తాడు. పీఈటీ వరండాలో కర్ర పట్టుకుని తిరుగుతాడు.

బడి బాబాయి

పదో తరగతి రిజల్ట్ రాకపోతే తల్లిదండ్రులు టీసీ తీసుకుని పక్క స్కూలుకు పోతారు సార్. ఖోఖోలో కప్పు రాలేదని ఎవరూ టీసీ అడగలేదు ఇంతవరకు.

కేజీబీవీ మేడం

కర్ర మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. తమ్ముడూ, ‘క్రమశిక్షణలో చాలా కఠినంగా ఉంటాను’ వాక్యం పూర్తిగా తీసెయ్. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 ప్రకారం పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ నిషేధం. ఎండలో గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు కొట్టించడం కూడా శిక్షే. స్కూల్లో ఏ టీచర్‌కి కోపం వచ్చినా పిల్లాణ్ణి పీఈటీ దగ్గరికే పంపుతారు. రేపు ఏదైనా జరిగితే నీ చేత్తో నువ్వు రాసిచ్చిన మాట ఆ ఫైల్లో ఉంటుంది.

నా సంగతి చెప్తాను. నేను కేజీబీవీలో చేస్తున్నాను, మా దగ్గర అంతా ఆడపిల్లలే. మొదట్లో పొద్దున్నే డ్రిల్ పెడితే ఇద్దరు ముగ్గురు కళ్ళు తిరిగి కూర్చుండిపోయేవారు. అడిగితే రాత్రి సరిగా తినలేదని ఒకరు, నెలసరి అని ఇంకొకరు. అప్పటి నుంచి ఆరోగ్యం రిజిస్టర్ ఒకటి పెట్టాను. ఆస్తమా, ఫిట్స్, రక్తహీనత ఉన్నవాళ్ళ పేర్లు అందులో ఉంటాయి. ఎవరు ఎందుకు కూర్చుంటున్నారో నలుగురి ముందు అడగను. నువ్వు వెళ్ళేది కో-ఎడ్యుకేషన్ స్కూలు, నువ్వేమో మగ టీచర్‌వి. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లల ప్రాక్టీసుకు ఒక మేడం గ్రౌండ్‌లో ఉండేలా చూడమని ఉత్తరంలోనే అడుగు. ఊళ్ళో తల్లిదండ్రులు అమ్మాయిల్ని ఆడనివ్వకపోవడానికి సగం కారణం అదే.

డీఎస్సీ ఆశావహుడు

అక్కా, కేజీబీవీ పీఈటీ పోస్టులు మళ్ళీ ఎప్పుడు పడతాయి? మా చెల్లి డీపీఈడీ చేసింది.

కేజీబీవీ మేడం

దానికి వేరే చర్చ పెట్టండి బాబూ.

హైటెక్ సిటీ బ్రదర్

డీఎస్సీ రాస్తున్నానని ఉత్తరంలో చెప్పాలా వద్దా? ఏ కంపెనీలోనూ ‘వేరే ఉద్యోగం చూస్తున్నా’ అని ఎవరూ రాయరు. దాచెయ్ తమ్ముడూ.

బడి బాబాయి

బీపీఈడీ చేసినవాడు డీఎస్సీ రాయడా? దాస్తే నేను నమ్ముతానా? ‘ఏప్రిల్‌లో పరీక్షలయ్యే దాకా ఉంటాను’ అని రాసినవాడికే ఇస్తాను నేను.

పాత పీడీ

అక్కడ నేను ఒప్పుకోను బాబాయ్ గారూ. మధ్యలో డీఎస్సీలో పోస్టింగ్ వస్తే ఆ అబ్బాయి మీ పరేడ్ కోసం ప్రభుత్వ ఉద్యోగం వదులుకోవాలా? రాసిచ్చాక వెళ్ళిపోతే మాట తప్పినవాడు అంటారు. అలా రాయించుకోవడమే తప్పు. ‘నెల ముందు చెప్పి వెళ్తాను’ అని రాస్తే ఇద్దరికీ మర్యాద.

బడి బాబాయి

నెలలో మాకు పీఈటీ దొరకడు సార్. మీ ఊహలో దొరుకుతాడు.

కేజీబీవీ మేడం

మీరిద్దరూ తేల్చుకునేలోపు బడులు తెరిచేస్తారు. తమ్ముడూ, నాకైతే అడిగితే చెప్పడం, అడక్కపోతే రాయకపోవడం మేలనిపిస్తుంది.

పాత పీడీ

ఇంకొక్కటి, ఇది ముఖ్యం. 380 మంది అంటే దాదాపు 10 సెక్షన్లు. సెక్షన్‌కు వారానికి రెండు పీరియడ్లు ఇచ్చినా నీకు 20 పీరియడ్లు. ఒక్కో పీరియడ్ 40 నిమిషాలు, గ్రౌండ్‌లో 38, 40 మంది పిల్లలు. ఖోఖో పెట్టావనుకో. చేజింగ్ వాళ్ళు 9 మంది, డిఫెన్స్‌లో ఒకసారికి ముగ్గురు. మొత్తం 12 మంది ఆడుతుంటే మిగతా 28 మంది ఏం చేస్తారు? మట్టిలో కూర్చుని రాళ్ళు విసురుకుంటారు. అది కిటికీలోంచి చూసిన హెడ్ మాస్టర్ ‘ఈ పీరియడ్ దండగ’ అంటాడు, లెక్కల మాస్టారికి ఇచ్చేస్తాడు. అంటే పీఈటీ పీరియడ్ ఊరికే పోవట్లేదు, ఆ 28 మంది వల్లే సగం పోతోంది.

టీచింగ్ ప్రాక్టీస్‌లో లెసన్ ప్లాన్లు రాశావు కదా. 40 మందినీ ఎలా కదిలిస్తావో చెప్పు. ఇంటర్వ్యూలో అడిగినా అడక్కపోయినా ఉత్తరంలో ఉండాలి.

పల్నాటి కుర్రాడు

జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచింగ్ ప్రాక్టీస్ చేశాను సార్. ఏడో తరగతికి నాలుగు గుంపులు చేసేవాణ్ణి. ఒక గుంపు పోల్ దగ్గర డైవ్, ఒకటి కూర్చుని లేచి ఖో ఇవ్వడం, ఒకటి జిగ్‌జాగ్ పరుగు, ఒకటి స్కిప్పింగ్. ఆరేడు నిమిషాలకు విజిల్ వేసి మార్చేవాణ్ణి. చివరి పది నిమిషాలు చిన్న మ్యాచ్. పోల్ దగ్గర గుంపు మాత్రం ఎప్పుడూ వెనకపడేది, డైవ్‌కి ఒక్కొక్కళ్ళకీ ఎక్కువ సేపు పట్టేది.

పాత పీడీ

ఇంత చక్కటి సంగతి పెట్టుకుని ‘సర్వతోముఖాభివృద్ధి’ ఎందుకు రాశావయ్యా! డైవ్ నేరుగా పోల్ దగ్గర మొదలుపెట్టకు. ముందు ఇసుక మీద వట్టి డైవ్ చేయించు, పోల్ తర్వాతి వారం. గట్టి నేల మీద మోచేతులు కొట్టుకుపోతాయి, మర్నాడు ఆ పిల్లాడి నాన్న గేటు దగ్గరుంటాడు.

పల్నాటి కుర్రాడు

మీరందరూ చెప్పింది పెట్టి మళ్ళీ రాశాను.

> కరస్పాండెంట్ గారికి,
>
> అయ్యా,
>
> విషయం: వ్యాయామ ఉపాధ్యాయుడి ఉద్యోగానికి దరఖాస్తు.
>
> తమ పాఠశాలలో పీఈటీ ఖాళీ ఉందని తెలిసి రాస్తున్నాను. నేను ఈ ఏడాది బీపీఈడీ పూర్తి చేశాను. మార్కుల మెమోలు జతచేశాను, ప్రొవిజనల్ సర్టిఫికెట్ రావలసి ఉంది. ఖోఖోలో ఇంటర్ కాలేజియేట్ పోటీల్లో ఆడాను, మా కాలేజీ రన్నరప్‌గా నిలిచింది. ఖోఖో, వాలీబాల్, పరుగులు, లాంగ్ జంప్ బాగా నేర్పగలను. కబడ్డీ మొదటి స్థాయి వరకు నేర్పగలను.
>
> తమ మైదానం చూశాను. గోడ వెంబడి 50 మీటర్ల పరుగుకు నాలుగు లేన్లు, ఒక ఖోఖో కోర్టు, ఒక వాలీబాల్ కోర్టు, ఒక కబడ్డీ కోర్టు, లాంగ్ జంప్ పిట్ అందులో పడతాయి. స్కెచ్ వెనక ఉంది. సున్నం, వాలీబాల్ నెట్, రెండు బంతులు, స్కిప్పింగ్ తాళ్ళు, పిట్‌కు ఇసుక ఉంటే పని మొదలుపెట్టవచ్చు.
>
> టీచింగ్ ప్రాక్టీస్‌లో 40 మంది ఉన్న తరగతిని నాలుగు గుంపులుగా చేసి, పీరియడంతా అందరూ కదిలేలా పాఠం నడిపాను. ఇక్కడా అలాగే చేస్తాను. ఆరోగ్య సమస్యలున్న పిల్లల వివరాలు మొదటి వారంలోనే తల్లిదండ్రుల నుంచి సేకరిస్తాను. ఆడపిల్లల ప్రాక్టీసు సమయంలో ఒక మేడం గారు మైదానంలో ఉండే ఏర్పాటు చేయమని మనవి.
>
> అసెంబ్లీ, పంద్రాగస్టు, రిపబ్లిక్ డే మార్చ్ పాస్ట్, ఆగస్టు 29 క్రీడా దినోత్సవం బాధ్యత తీసుకుంటాను. స్కూల్ గేమ్స్ మండల స్థాయి సెలక్షన్లకు అండర్-14, అండర్-17 ఖోఖో జట్లను తయారుచేస్తాను. నాకు బండి ఉంది, మా ఊరి నుంచి 14 కిలోమీటర్లు. ఎనిమిదిన్నరకు పాఠశాలలో ఉండగలను.
>
> తమకు వీలైన రోజు డెమో క్లాసు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.
>
> భవదీయుడు,
> (పేరు, చిరునామా, ఫోన్ నంబర్)

బడి బాబాయి

ఈ ఉత్తరం నాకొస్తే పిలుస్తాను. ‘కబడ్డీ మొదటి స్థాయి వరకు’ అన్నావు చూడు, అక్కడ మిగతావి నమ్మాను. బండి, 14 కిలోమీటర్లు కూడా బాగుంది. సామాను జాబితా ఉత్తరంలో పెట్టడం మాత్రం నచ్చలేదు. ఉద్యోగం ఇవ్వకముందే ఖర్చు చెప్పినట్టుంది.

పాత పీడీ

నాకు అదే నచ్చింది. నెట్ లేని స్కూల్లో నెట్ అడగకుండా చేరితే మార్చి దాకా నెట్ రాదు. కావాలంటే ఆ వాక్యం స్కెచ్ కింద రాసుకో బాబూ. ఇంకొకటి, అండర్-14కి పంపేముందు పుట్టిన తేదీ స్కూల్ రిజిస్టర్‌లో చూడు, ఆధార్‌లో చూడు. రెండూ కలవకపోతే సెలక్షన్ రోజున పిల్లాణ్ణి వెనక్కి పంపేస్తారు. ఇది ఉత్తరంలోకి కాదు, చేరాక జూన్‌లో చేసే పని.

హైటెక్ సిటీ బ్రదర్

ఒప్పుకున్నా, నా టెంప్లేట్ కంటే ఇదే బాగుంది. కానీ అది ఇంగ్లిష్ మీడియం స్కూలైతే? ఉత్తరం ఇంగ్లిష్‌లో ఉంటే విలువ ఎక్కువ కదా?

బడి బాబాయి

మాది ఇంగ్లిష్ మీడియమే. నాకు తెలుగులో వచ్చినా ఫర్వాలేదు. మా ప్రిన్సిపాల్ ఇంగ్లిష్‌లో అడుగుతారు. స్కూలును బట్టి ఉంటుంది.

ఒంగోలు ఖోఖో

ఇప్పుడే చర్చ చూశా. నేను కూడా ఈ ఏడాదే బీపీఈడీ. ఈ ఉత్తరం కాపీ చేసుకుని మా ఊరి దగ్గర స్కూలుకు ఇవ్వొచ్చా? పేరు మార్చుకుంటా.

పాత పీడీ

ఆ స్కూల్లో గోడ పక్కన 50 మీటర్లు ఉందా? వాళ్ళ గ్రౌండ్ ఎంతో తెలుసా?

ఒంగోలు ఖోఖో

చూడలేదు సార్.

పాత పీడీ

మరి టేపు తీసుకుని వెళ్ళు.

పల్నాటి కుర్రాడు

ఇంకో డౌట్. మా సీనియర్ ఒకతను, చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ స్కూల్లో పెట్టమంటారు, మానేటప్పుడు ఇస్తారు అంటున్నాడు. ఉత్తరంతో పాటు ఒరిజినల్స్ తీసుకెళ్ళాలా?

కేజీబీవీ మేడం

తీసుకెళ్ళు, చూపించు, వెనక్కి తెచ్చుకో. ఉత్తరానికి జిరాక్సులే జతచెయ్. నేను ప్రైవేటులో చేసిన రోజుల్లో నా ఒరిజినల్స్ ఒక స్కూలు వాళ్ళ బీరువాలో ఉండిపోయాయి. కౌన్సెలింగ్ రోజు పొద్దున ఆ బీరువా తాళం ఉన్నాయన ఊళ్ళో లేడు. నేను పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోను.

బడి బాబాయి

మధ్యలో మానేయకుండా చాలామంది అలా పెట్టించుకుంటారు. నేనూ కొన్నాళ్ళు పెట్టించుకున్నాను, ఇప్పుడు మానేశాను. అడిగితే పదో తరగతి మెమో ఒక్కటి ఇచ్చి రసీదు తీసుకో.

పాత పీడీ

అది కూడా ఇవ్వకు. పుట్టిన తేదీకి ప్రతిచోటా అడిగేది అదే.

బడి బాబాయి

సరే, మీ ఇష్టం. మరి అసలు ఉద్యోగమే ఇవ్వనంటే?

పాత పీడీ

ఆ మండలంలో ఇంకో స్కూలు ఉంటుంది.

పల్నాటి కుర్రాడు

ఈ విషయం ఇంట్లో నాన్నతో మాట్లాడి తేల్చుకుంటాను. సోమవారం వెళ్తున్నా. డెమో అంటే ఏం అడుగుతారు బాబాయ్ గారూ?

బడి బాబాయి

మా దగ్గరైతే విజిల్ చేతికిచ్చి ఒక తరగతిని అప్పగిస్తాం, అరగంట. సెలవుల్లో పిల్లలుండరు కాబట్టి టీచర్లనే పిల్లలనుకోమంటాం. నేను వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. పదిన్నర తర్వాత వెళ్ళు, అంతకుముందు అడ్మిషన్లకు వచ్చిన తల్లిదండ్రులుంటారు. షూ వేసుకుని వెళ్ళు. చెప్పులతో వచ్చి డెమో ఇచ్చినవాళ్ళు ఉన్నారు.